పిన్‌కి అంతస్తు తెలియదు: విమానాశ్రయంలో క్యాబ్ ఎక్కే చోటు తేల్చుకోవడం ఎలా

యాప్‌లో క్యాబ్ వచ్చేసినట్టు చూపిస్తుంది. ఎదురుగా మాత్రం బండి ఉండదు. ఫోన్ చేస్తే డ్రైవరు "లొకేషన్‌లోనే ఉన్నా సార్" అంటాడు. "నేనూ లొకేషన్‌లోనే ఉన్నా కదా" అంటాడు ప్రయాణికుడు. ఇద్దరూ చెప్పేది నిజమే. మ్యాప్ మీద ఇద్దరి చుక్కలూ ఒకే చోట ఉన్నాయి. కాకపోతే ఒకరు కింది రోడ్డు మీద, మరొకరు సరిగ్గా దాని నెత్తిన కట్టిన పై రోడ్డు మీద ఉన్నారు.

విమానాశ్రయాల్లో క్యాబ్ దొరక్క జరిగే రగడలో చాలాభాగం ఇలాంటిదే. ఎక్కే చోటుని ఫోన్ ఊహకి వదిలేస్తే ఈ తిప్పలు తప్పవు. చివరగా ఎక్కిన విమానం ఏ టెర్మినల్‌కి వస్తుంది, ఆ టెర్మినల్‌లో మనిషి ఏ హాల్లోంచి బయటపడతాడు, ఆ హాలుకి క్యాబ్‌ల కోసం కేటాయించిన చోటు ఏది అన్న వరసలో తేల్చుకుంటే పిన్ ఎక్కడ పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది. ఈ పని విమానం ఎక్కకముందే సగానికి పైగా పూర్తి చేసుకోవచ్చు.

నీలం చుక్కని ఎందుకు నమ్మకూడదు

యాప్‌లో పిన్ అంటే రెండు అంకెలే. ఒకటి అక్షాంశం, రెండోది రేఖాంశం. నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నారన్నది అందులో ఉండదు. మామూలు వీధిలో దీనివల్ల నష్టం లేదు. పెద్ద విమానాశ్రయాల్లో మాత్రం టెర్మినల్ ముందు రోడ్లని ఒకదాని మీద ఒకటి కడతారు. విమానం ఎక్కేవాళ్లని దింపడానికి పై రోడ్డు, వచ్చినవాళ్లని ఎక్కించుకోవడానికి కింది రోడ్డు. కొన్ని చోట్ల క్యాబ్‌లని ఈ రెండింటి మీదా ఆపనివ్వరు, ఎదురుగా ఉన్న పార్కింగ్ భవనంలో ఏదో ఒక అంతస్తుకి పంపుతారు. పైనుంచి తీసిన మ్యాప్‌లో ఈ అంతస్తులన్నీ కలిసిపోయి ఒకటే చుక్కగా కనిపిస్తాయి.

అంతస్తు సంగతి అలా ఉంచి, చుక్క ఉన్న చోటైనా నిజమా అంటే, అదీ అనుమానమే. ఆకాశం బాగా కనిపించే ఆరుబయట మొబైల్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. టెర్మినల్ లోపలికి వచ్చేసరికి ఉక్కు కప్పు, కాంక్రీటు ఉపగ్రహ సంకేతాలని అడ్డుకుంటాయి. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫై రూటర్లని, మొబైల్ టవర్లని చూసి ఇంచుమించుగా ఒక చోటు చెబుతుంది. తేడా పదుల మీటర్లకి, ఒక్కోసారి వందల మీటర్లకి పెరుగుతుంది. ఫోన్ ఈ విషయాన్ని దాచిపెట్టదు. నీలం చుక్క చుట్టూ లేత నీలం రంగులో ఒక వలయం వేస్తుంది. ఆ వలయం ఎంత పెద్దదైతే అనుమానం అంత పెద్దదని అర్థం. వలయం టెర్మినల్‌నీ పార్కింగ్‌నీ రెండు రోడ్లనీ కలిపి కప్పేసిందంటే యాప్ ఎంచిన పికప్ చోటు వట్టి అంచనా అని గుర్తు.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది విమానం ఇంకా రన్‌వే నుంచి మెల్లగా కదులుతూ ఉండగా బుక్ చేసినప్పుడు. చక్రాలు నేలకి తగలగానే ఫోన్ ఆన్ చేసి, పది నిమిషాలు కలిసొస్తాయన్న ఆశతో బుక్ చేసేస్తారు. ఆ క్షణంలో విమానం టెర్మినల్‌కి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఒక్కోసారి విమానాన్ని టెర్మినల్‌కి ఆనించకుండా దూరంగా ఆపి, అక్కడినుంచి బస్సులో తీసుకెళ్తారు. యాప్ మాత్రం ఫోన్ అప్పుడున్న చోటుకి దగ్గరగా ఏ పికప్ ఉందో వెతికి, దాన్ని ముందుకు తెస్తుంది. ఆ దగ్గరితనం గాల్లో గీసిన గీత లెక్కలోది. ఆ గీతకి దగ్గరగా ఉన్నది పక్క టెర్మినల్ కావచ్చు. ప్రయాణికుడు దిగేది ఇంకో టెర్మినల్‌లో.

దీనికి విమానాశ్రయం రోడ్ల తీరు తోడవుతుంది. టెర్మినల్ ముందు రోడ్లు దాదాపు ఎప్పుడూ ఒకవైపు రాకపోకలవే. డ్రైవరు ఎక్కించుకోవాల్సిన చోటు దాటి యాభై మీటర్లు ముందుకి వెళ్లిపోతే వెనక్కి రాలేడు. ఆగి ఉండనూ లేడు, వెనకనుంచి హారన్లు మోగుతాయి, సిబ్బంది వచ్చి కదలమంటారు. మొత్తం వలయం తిరిగి, మళ్లీ ప్రవేశ ద్వారం దాటి రావాలి. కొన్ని విమానాశ్రయాల్లో అలా రెండోసారి లోపలికి వచ్చినందుకు మళ్లీ రుసుం కట్టాలి. నడిచే మనిషికి ఒక్క నిమిషం పట్టే తేడా బండికి పది, పదిహేను నిమిషాలు అవుతుంది. అందుకే ఇక్కడ "కొంచెం ముందుకి రండి" అన్న మాట డ్రైవరుకి చెప్పినంత తేలిక కాదు.

నాలుగు నంబర్లు, అందులో డ్రైవరుకి తెలిసేది ఒక్కటే

దిగిన ప్రయాణికుడికి వరసగా నాలుగు నంబర్లు కనిపిస్తాయి. మొదటిది విమానం ఆగిన గేటు. రెండోది సామాను వచ్చే బెల్టు. మూడోది భవనం నుంచి బయటికి వచ్చే ద్వారం. నాలుగోది బయట రోడ్డు పక్కన స్తంభం మీదో, బండి ఆగే గడి మీదో రాసిన నంబరు. వీటన్నిటినీ జనం "గేటు" అనే పిలుస్తారు. తంటా అంతా అక్కడే.

"నేను గేట్ 24లో దిగాను" అని డ్రైవరుకి చెప్పడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఆ గేటు భద్రతా తనిఖీకి లోపలి వైపు ఉంటుంది. డ్రైవరు అది ఎప్పుడూ చూసి ఉండడు. పైగా అతనికి 24 అన్న నంబరుతో బయట ఒక స్తంభం తెలిసి ఉండొచ్చు, నేరుగా అక్కడికే వెళ్లిపోతాడు. బెల్టు నంబరుదీ అదే సంగతి, అయితే దాంతో ఇంకో రకంగా పని ఉంది. బెల్టు ఏ హాల్లో ఉందో తెలిస్తే ఏ ద్వారం నుంచి బయటపడతారో తెలుస్తుంది. ఆ మేరకు ప్రయాణికుడికి పనికొస్తుందే తప్ప డ్రైవరుకి చెప్పుకోవడానికి కాదు.

ద్వారం నంబరు కొంత నయం. కానీ అది కూడా అంతస్తు చెప్పకపోతే అసంపూర్ణమే. చాలా విమానాశ్రయాల్లో పై అంతస్తులో లోపలికి వెళ్లే ద్వారాలకీ, కింద బయటికి వచ్చే ద్వారాలకీ నంబర్లు ఉంటాయి. రెండు అంతస్తుల్లోనూ "4" ఉంటే ఏ 4 అని అడగాల్సిందే. డ్రైవరుకి నిజంగా పనికొచ్చేది రోడ్డు పక్క నంబరు. స్తంభం నంబరు కానీ, పికప్ జోన్ అక్షరం కానీ, పార్కింగ్ అంతస్తూ వరసా కానీ. అందుకే అనుభవం ఉన్న డ్రైవరు ఫోన్ ఎత్తగానే "పిల్లర్ నంబర్ చెప్పండి" అంటాడు. అతను అడిగేది తన కళ్లకి కనిపించే గుర్తు. టెర్మినల్, అంతస్తు, స్తంభం లేదా జోన్, ఈ వరసలో చెబితే ఇంకో మాట అక్కర్లేదు.

టెర్మినల్ ఏదో చెప్పేది చివరి విమానం

ఒకే విమానాశ్రయంలో టెర్మినళ్ల మధ్య దూరం ఎంత ఉంటుందో తెలియకపోతే ఈ తప్పు ఎంత ఖరీదైనదో అర్థం కాదు. లండన్ హీత్రోలో ఇప్పుడు రెండు, మూడు, నాలుగు, ఐదు నంబర్ల టెర్మినళ్లు పనిచేస్తున్నాయి. ఒకటో టెర్మినల్‌ని 2015లో మూసేశారు. రెండు, మూడు పక్కపక్కనే ఉంటాయి, నడిచి వెళ్లొచ్చు. నాలుగుకి, ఐదుకి వెళ్లాలంటే రైలో బస్సో ఎక్కాలి. ముంబైలో ఒకటో టెర్మినల్, రెండో టెర్మినల్ వాడేది ఒకే రన్‌వేలని. కిటికీలోంచి చూస్తే అదే ఊరు, అదే మైదానం. రోడ్డు మీదికి వచ్చాక మాత్రం ఒకదానినుంచి ఇంకోదానికి ఊరి ట్రాఫిక్‌లోంచి కొన్ని కిలోమీటర్లు వెళ్లాలి. ఎయిర్‌పోర్ట్ అని మాత్రమే చెప్పి క్యాబ్ పిలిస్తే సరైన చోటుకి వచ్చే అవకాశం సగమే.

టెర్మినల్‌ని ఎయిర్‌లైన్ పేరు చూసి ఊహించే అలవాటు చాలామందికి ఉంది. అది రెండు చోట్ల దెబ్బతింటుంది. ఒకటి, పెద్ద ఎయిర్‌లైన్ ఒకే ఊళ్లో తన విమానాలని రెండు టెర్మినళ్లకి పంచి నడపొచ్చు. రెండు, టికెట్ అమ్మిన ఎయిర్‌లైనూ విమానం నడిపే ఎయిర్‌లైనూ వేరు కావచ్చు. భాగస్వామ్య ఒప్పందం మీద అమ్మిన టికెట్లలో విమానం నంబరు ఒకరిది, విమానం ఇంకొకరిది. విమానం వెళ్లేది నడిపేవాళ్ల టెర్మినల్‌కి. టికెట్ మీద చిన్న అక్షరాల్లో Operated by అని ఉన్న వరస చూడాల్సింది ఇందుకే. ఆ పక్కన ఉన్న పేరుతోనే టెర్మినల్ వెతకాలి.

ఇంకా లోతైన పొరపాటు అంతర్జాతీయం, దేశీయం అన్న తేడా దగ్గర జరుగుతుంది. విదేశం నుంచి బయలుదేరిన ప్రయాణం కాబట్టి అంతర్జాతీయ టెర్మినల్‌లోనే దిగుతారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. లెక్కలోకి వచ్చేది మొత్తం ప్రయాణం కాదు, చివరి అంకం. మధ్యలో ఒక ఊళ్లో దిగి, అక్కడే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేసుకుని, వేరే విమానం ఎక్కి వస్తే ఆ చివరి విమానం దేశీయ విమానమే. దేశీయ టెర్మినల్‌కి, దేశీయ హాల్లోకి వస్తుంది. అదే విమానం అదే నంబరుతో మధ్యలో ఒకచోట ఆగి ముందుకి సాగే సర్వీసుల్లో మాత్రం ఇమ్మిగ్రేషన్ చివరి ఊళ్లో జరగొచ్చు. అలాంటి ప్రయాణాల్లో ఇమ్మిగ్రేషన్ ఎక్కడో ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి పెట్టుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఐర్లండ్‌లోని డబ్లిన్, యూఏఈలోని అబుదాబి, కెనడాలోని కొన్ని విమానాశ్రయాల్లో అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే ఉండి, విమానం ఎక్కకముందే తనిఖీ పూర్తి చేస్తారు. అక్కడినుంచి అమెరికా వెళ్లినవాళ్లు దేశీయ ప్రయాణికుల్లాగే దిగుతారు. విదేశం నుంచి నేరుగా వచ్చిన విమానమే అయినా అంతర్జాతీయ ఆగమన హాలు ముందు నిలబడి ఎదురుచూస్తే ఎవరూ రారు. వాళ్లు ఇంకో ద్వారం నుంచి ఎప్పుడో బయటపడి ఉంటారు.

మరి టెర్మినల్‌ని ఎక్కడ చూసుకోవాలి? టికెట్ మీద ముద్రించింది కొన్ననాటి సమాచారం. దాన్ని ఆధారం చేసుకోవచ్చు, దానిమీదే ఆగిపోకూడదు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ రెండో టెర్మినల్‌ని పనుల కోసం మూసినప్పుడు అక్కడి విమానాలు ఒకటో టెర్మినల్‌కి మారాయి. ముందే టికెట్ కొన్నవాళ్లకి, ఎప్పుడూ రెండులోనే దిగే అలవాటున్నవాళ్లకి పాత సమాచారం పనికిరాకుండా పోయింది. కాబట్టి ప్రయాణం రోజున ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో విమానం నంబరు కొట్టి, దిగే ఊరి పక్కన ఉన్న టెర్మినల్ చూడాలి. బయలుదేరే ఊరి టెర్మినల్ కూడా అదే తెరమీద ఉంటుంది, తొందరలో దాన్నే చదివేస్తారు. రెంటిలో ఏది ఏ ఊరిదో ఒక్క క్షణం ఆగి చూసుకోవడం మంచిది.

హాలు నుంచి జోన్ దాకా

టెర్మినల్ తేలాక మిగిలేది, దాని బయట క్యాబ్‌లు ఎక్కడ ఆగుతాయన్నది. ఇది ప్రతి విమానాశ్రయానికీ వేరు. ఒకచోట తెలిసిన పద్ధతి ఇంకోచోట చెల్లదు. లాస్ ఏంజెలెస్‌లో 2019 అక్టోబరు చివర టెర్మినళ్ల ముందు ట్యాక్సీలు, యాప్ క్యాబ్‌లు ఎక్కించుకోవడాన్ని ఆపేసి, ఒకటో టెర్మినల్ పక్కన ప్రత్యేకంగా ఒక స్థలం ఏర్పాటు చేశారు. టెర్మినళ్ల నుంచి అక్కడికి ఉచిత బస్సులు నడిపారు. ఆ ఏర్పాటులో ఏ టెర్మినల్‌లో దిగినా క్యాబ్ చోటు ఒక్కటే. టెర్మినల్ నంబరు బస్సు ఎక్కడ ఎక్కాలో తెలుసుకోవడానికి మాత్రమే కావాలి. హీత్రోలో అలా కాదు, ఏ టెర్మినల్ పార్కింగ్ దానిదే. ఈ రెండు పద్ధతుల్లో ఏది నడుస్తోందో విమానాశ్రయం సొంత వెబ్‌సైట్‌లో రవాణా పేజీ చెబుతుంది. నిమిషం పని. అక్కడ వాడిన జోన్ పేరుని ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే బయట బోర్డుల మీదా యాప్ జాబితాలోనూ దాదాపు అదే పేరు కనిపిస్తుంది.

వరసలో నిలబడి ఎక్కే మీటర్ ట్యాక్సీ, యాప్ క్యాబ్, ముందే మాట్లాడుకున్న అద్దె కారు, సొంత బండి, ఈ నాలుగింటికీ చాలాచోట్ల నాలుగు చోట్లు. "ట్యాక్సీ" అన్న బోర్డు వెంట నడిస్తే మొదటిదాని దగ్గరికి చేరుకుంటారు. యాప్ క్యాబ్ కోసమైతే యాప్ క్యాబ్‌ల బోర్డు వెతకాలి.

బుక్ చేసేటప్పుడు విమానాశ్రయం పేరు కొట్టగానే చాలా యాప్‌లు టెర్మినల్‌నీ, ఆ తర్వాత ద్వారాన్నో జోన్‌నో ఎంచుకోమంటాయి. పైన ఒకటి అప్పటికే ఎంచి ఉంటుంది. జనం దాన్ని యాప్‌కి తెలిసిన నిజంగా తీసుకుని ముందుకి నొక్కేస్తారు. అది నీలం చుక్కకి దగ్గరగా ఉన్నది మాత్రమే. జాబితా తెరిచి, రాసిపెట్టుకున్న టెర్మినల్, జోన్ పేర్లని చేత్తో ఎంచుకోవాలి. పిన్‌ని వేలితో లాగి సరిచేద్దామంటే విమానాశ్రయం హద్దుల్లో చాలా యాప్‌లు ఒప్పుకోవు. అనుమతి ఉన్న చోట్లలో ఏదో ఒకదానికి పిన్‌ని లాక్కుపోతాయి. ఆ చోటు ఇంకో అంతస్తుదో, పక్క టెర్మినల్‌దో కావచ్చు.

ఎప్పుడు బుక్ చేయాలన్నదానికి కూడా ఇక్కడే జవాబు ఉంది. క్యాబ్‌లు టెర్మినల్ ముందు కాచుకుని ఉండవు. కొంచెం దూరంలో ఒక మైదానంలో వరసలో ఉంటాయి. బుకింగ్ రాగానే అక్కడినుంచి కదులుతాయి. డ్రైవరు పికప్ చోటుకి చేరగానే ఉచిత నిరీక్షణ గడియారం మొదలవుతుంది. అందుకే సామాను చేతికి వచ్చాక, భవనం లోపలే విమానాశ్రయం వైఫై ఉండగా బుక్ చేయడం సబబు. ద్వారం దాటాక ఆ వైఫై తరచూ తెగిపోతుంది. విదేశీ సిమ్‌తో వచ్చినవాళ్ల ఫోన్ బయట మూగబోతుంది. బుక్ అవగానే బండి నంబరు, ఓటీపీ, పికప్ జోన్ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటే నెట్ లేకపోయినా బండి ఎక్కవచ్చు.

ఒక ప్రయాణం, అంకెలతో సహా

ఒక పెద్దావిడ విదేశంలో ఉన్న కూతురి దగ్గరనుంచి తిరిగి వస్తోందనుకుందాం. వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఆమె కోసం క్యాబ్ బుక్ చేయాలి. టికెట్ అంతా ఒక విదేశీ ఎయిర్‌లైన్ పేరుతోనే ఉంది. మొదటి విమానం రాజధానికి వస్తుంది, అక్కడ మూడు గంటల విరామం, తర్వాత సొంత ఊరికి ఇంకో విమానం రాత్రి 9:40కి దిగుతుంది. సొంత ఊరి విమానాశ్రయానికి రెండు టెర్మినళ్లు. ఒకటోది పూర్తిగా దేశీయం. రెండోదాంట్లో అంతర్జాతీయ విమానాలతో పాటు కొన్ని దేశీయ విమానాలూ వస్తాయి. అందులో బయటికి వచ్చే హాళ్లు రెండు.

తొందరపడితే కొడుకు ఇలా అనుకుంటాడు: విదేశీ ఎయిర్‌లైన్, కాబట్టి రెండో టెర్మినల్, అంతర్జాతీయ ద్వారం. మూడింటిలో ఏదైనా తప్పు కావచ్చు. అతను టికెట్‌లో చివరి అంకం చూశాడు. Operated by పక్కన ఒక దేశీయ ఎయిర్‌లైన్ పేరుంది. ఆ ఎయిర్‌లైన్ సైట్‌లో విమానం వెతికితే ఆ రోజుకి దిగే టెర్మినల్ 2 అని చూపించింది. అంటే టెర్మినల్ ఊహ కాకతాళీయంగా సరిపోయింది. ద్వారం ఊహ మాత్రం తప్పు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ రాజధానిలోనే అయిపోయాయి, పెట్టెలు అక్కడ తీసుకుని మళ్లీ ఇచ్చింది. కాబట్టి ఆమె దేశీయ హాల్లోంచి బయటికి వస్తుంది. రెండు హాళ్ల ద్వారాల మధ్య భవనం పొడవంతా నడక ఉంది. రెండు పెట్టెలతో, మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషికి అది చిన్న దూరం కాదు.

విమానాశ్రయం సైట్ ప్రకారం యాప్ క్యాబ్‌లు ఎదురు పార్కింగ్ భవనంలో మొదటి అంతస్తు, జోన్ సి దగ్గర ఆగుతాయి. కొడుకు ఇదంతా తల్లికి ఒక సందేశంగా పంపాడు: "టెర్మినల్ 2. దేశీయ ద్వారం నుంచి బయటికి రా. రోడ్డు దాటకుండా కుడివైపు లిఫ్ట్ ఎక్కితే మొదటి అంతస్తు. అక్కడ జోన్ సి అని బోర్డు." ఆమె ఫోన్‌లో నెట్ ఉన్నా లేకపోయినా చదువుకునేలా రాజధానిలో విరామం ఉండగానే పంపాడు.

విమానం 9:40కి దిగింది. కొడుకు అప్పుడే బుక్ చేయలేదు. 9:58కి తల్లి ఫోన్ చేసింది.

"దిగానురా. పెట్టె ఒకటి వచ్చింది, ఇంకోటి రావాలి."

"రెండోది వచ్చాక చెప్పమ్మా, అప్పుడు బుక్ చేస్తాను. బెల్టు మీద ఏ నంబరు ఉంది?"

"ఏడు."

విమానాశ్రయం మ్యాప్‌లో ఏడో బెల్టు దేశీయ హాల్లోదే. లెక్క సరిపోయింది. రెండో పెట్టె 10:12కి వచ్చింది. కొడుకు యాప్ తెరిచాడు. యాప్ అతను కూర్చున్న ఊరినే పికప్‌గా పెట్టింది, ఎందుకంటే ఫోన్ అతనిది. వేరేవాళ్ల కోసం బుక్ చేసేటప్పుడు మొదట సరిచేయాల్సింది ఇదే. విమానాశ్రయం పేరు కొడితే యాప్ ఒకటో టెర్మినల్‌ని ముందు చూపించింది. జాబితా తెరిచి టెర్మినల్ 2, దేశీయ, జోన్ సి ఎంచాడు. ప్రయాణికురాలిగా తల్లి పేరు, నంబరు ఇచ్చాడు. అలా ఇవ్వకపోతే డ్రైవరు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి "సార్, ఎక్కడున్నారు?" అని అడుగుతాడు.

10:14కి డ్రైవరు ఖాయమయ్యాడు, ఏడు నిమిషాల దూరం. ఆమె ద్వారం నుంచి లిఫ్ట్ దాకా, లిఫ్ట్ నుంచి జోన్ సి దాకా నెమ్మదిగా నడిచినా ఎనిమిది నిమిషాలే. డ్రైవరు 10:21కి చేరి ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, టెర్మినల్ రెండు, జోన్ సి దగ్గర ఉన్నాను. మీరు ఏ పిల్లర్ దగ్గరున్నారు?"

"ఇప్పుడే లిఫ్ట్ దిగాను బాబూ. సి పదకొండు అని ఉంది."

"కదలకండి, నేనే ముందుకి వస్తాను."

స్తంభాల నంబర్లు అతను వచ్చే దిశలో పెరుగుతాయి కాబట్టి అతను ముందుకే వెళ్లాలి. అందుకే "నేనే వస్తాను" అనగలిగాడు. ఆమె అతను దాటేసిన స్తంభం దగ్గర ఉండి ఉంటే నడవాల్సింది ఆమే అయ్యేది.

తప్పు చోట ఉన్నామని యాప్ బొమ్మ చెబుతుంది

ఇంత చూసుకున్నా తేడా రావొచ్చు. అలా జరిగినప్పుడు మ్యాప్‌లో బండి బొమ్మ కదలికని చదవడం నేర్చుకుంటే ఫోన్‌లో కేకలు వేసుకునే పని తగ్గుతుంది.

బొమ్మ సరిగ్గా ప్రయాణికుడి చుక్క మీదికి వచ్చి ఆగి, చుట్టుపక్కల బండి లేదంటే అంతస్తు తేడా. తల ఎత్తి చూస్తే పైన ఇంకో రోడ్డు ఉందో లేదో తెలిసిపోతుంది. ఇక్కడ మనిషి లిఫ్ట్‌లో వెళ్లడమే మేలు, బండి కింద నుంచి పైకి రావాలంటే వలయం తిరగాలి. అయితే ఒక జాగ్రత్త. భారత్ వంటి దేశాల్లో టెర్మినల్ లోంచి ఒకసారి బయటికి వచ్చాక టికెట్ లేకుండా మళ్లీ లోపలికి రానివ్వరు. లోపలి లిఫ్ట్ గురించి ఆలోచించకుండా బయటి లిఫ్టులు, ర్యాంపులు వెతకాలి.

రెండు నిమిషాలని చూపిస్తున్న సమయం ఉన్నట్టుండి తొమ్మిదికో పదికో ఎగబాకితే డ్రైవరు చోటు దాటిపోయి వలయం తిరుగుతున్నాడని అర్థం. అప్పుడు ప్రయాణికుడు అతన్ని వెతుక్కుంటూ కదిలితే రెండోసారి కూడా తప్పిపోతాడు. ఉన్న చోటే ఉండి, అతను తిరిగొచ్చే లోపు స్తంభం నంబరు సందేశంగా పంపడం సరైన పని. బండి నడుపుతున్న మనిషి చేత ఫోన్ ఎత్తించడం కంటే అది క్షేమం కూడా.

బొమ్మ దూరంగా ఒకచోట కదలకుండా ఉండి, డ్రైవరు "వచ్చేశాను" అంటున్నాడంటే అతను ఇంకో టెర్మినల్‌లో ఉన్నాడు. ఇక్కడ బతిమాలడం వల్ల ఫలితం తక్కువ. వరసలో తన వంతు వచ్చాక కదిలిన డ్రైవరుకి, తనే రద్దు చేసుకుంటే ఆ వంతు పోవచ్చు. అందుకే ప్రయాణికుడే రద్దు చేస్తాడని చూస్తాడు. అతని వైపునుంచి అది న్యాయమైన భయమే. యాప్‌లో పికప్ చోటు మార్చే వీలుంటే ముందు అదే ప్రయత్నించాలి, మారిన చోటుకి సమయమూ ఛార్జీ కొత్తగా కనిపిస్తాయి. వీలు లేకపోతే రద్దు చేసి, సరైన టెర్మినల్‌తో మళ్లీ బుక్ చేయడమే దగ్గర దారి. రద్దు నొక్కేముందు పికప్‌గా ఏ టెర్మినల్ నమోదైందో, బండి బొమ్మ ఎక్కడుందో రెండూ కనిపించే స్క్రీన్‌షాట్ తీయాలి. బుకింగ్‌లో టెర్మినల్ సరిగ్గా ఉండి బండి వేరే చోటుకి వెళ్లినట్టు ఆ స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తే రద్దు రుసుం వెనక్కి అడగడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. బుకింగ్‌లోనే టెర్మినల్ తప్పుగా ఉంటే డ్రైవరుది ఏ పొరపాటూ లేదు, ఆ రుసుం కట్టాల్సిందే.